సర్వర్ పడినరోజు గ్రూపు చాట్‌ను ఇన్సిడెంట్ రిపోర్టుగా తిరగరాయడం ఎలా

కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి మండీలకు తూకం చీటీల సాఫ్ట్‌వేర్ నడిపే ఐదుగురి టీము ఒకటి ఉందనుకుందాం. కేసు కల్పితమే గానీ, ఇందులో డేటాబేస్‌కు వచ్చిన జబ్బు మాత్రం నిజంగా వచ్చేదే. గురువారం పొద్దున సర్వర్ పడింది, ముక్కాలు గంటలో లేచింది. మిగిలింది వాట్సాప్ గ్రూపులో ఈ చాట్. మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది; చదవడానికి వీలుగా తెలుగు లిపిలో పెట్టాం. పేర్ల బదులు క, చ, ట, ప.

10:03 క: అన్నా సర్వర్ పాయె. మండీల నుంచి ఒకటే ఫోన్లు
10:04 చ: ఇప్పుడేనా?
10:04 క: ఇందాకట్నుంచి అంట
10:07 క: రీస్టార్ట్ కొట్టినా. లేయలే
10:12 ట: డిస్క్ నిండిందేమో సూడు
10:14 క: ఆ, 100 పర్సెంట్. `pg_wal` లోనే 40 జీబీ ఉండాది. తీసేద్దునా?
10:15 చ: తీయొద్దురా నాయనా!! చేయి పెట్టొద్దు. ఫోన్ ఎత్తు
10:38 ట: రిపోర్ట్ రెప్లికా స్లాట్ అట్లే ఉండాది. సోమారం సర్వర్ తీసేసినోనికి స్లాట్ తీయాలని తెలీదా
10:41 చ: తీసేసినా
10:45 క: వచ్చేసింది అందరికీ
10:46 ట: ప యాడున్నాడు? చూసుకోవాల గదప్పా
10:52 ప: సారీ అన్నా, నాదే తప్పు. మర్చిపోయినా

దీన్ని రిపోర్టుగా మార్చమంటే చాలామంది తిట్లు తీసేసి, భాష గ్రాంథికం చేసి పంపిస్తారు. అప్పుడు ‘మర్చిపోయినా’ అన్నది ‘మానవ తప్పిదం జరిగినది’ అవుతుంది. మాట మారింది, నింద అక్కడే ఉంది. పైగా రెప్లికాను, అంటే ప్రధాన డేటాబేస్‌కు నకలుగా రిపోర్ట్ సర్వర్‌లో నడిచేదాన్ని, తీసేసేటప్పుడు స్లాట్ ఎందుకు మిగిలిపోయిందో అప్పటికీ ఎవరికీ తెలియదు.

మొదట చాట్‌ను కదలకుండా పట్టుకోవాలి

సర్వీసు నిలదొక్కుకున్న రోజే చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. వాట్సాప్‌లో మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే `.txt` ఫైలు వస్తుంది. అందులో స్క్రీన్‌షాట్లు, వాయిస్ మెసేజిలు ఉండవు. ఆ చోట మీడియా వదిలేసినట్టు ఒక గుర్తు మాత్రం ఉంటుంది. ఇన్సిడెంట్ మధ్యలో ఎవరైనా పెట్టిన స్క్రీన్‌షాటే ఒక్కోసారి అసలు సాక్ష్యం కాబట్టి వాటిని విడిగా దాచండి. డిలీట్ చేసిన మెసేజిలో ఏముందో ఎక్స్‌పోర్ట్‌లో దొరకదు. అలాంటిది కనిపిస్తే అందులో ఏం రాశారో, ఎందుకు తీసేశారో ఆ మనిషిని ఊరికే అడగండి. ఒక్కోసారి అది తొందరలో పెట్టిన పాస్‌వర్డే అయ్యుంటుంది. అదే నిజమైతే రిపోర్టు పక్కనపెట్టి ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి.

చాట్ టైముతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి తీసిన ఎక్స్‌పోర్ట్‌లో అది నిమిషాల వరకే ఉంటుంది, సెకన్లు ఉండవు. రెండోది ఇంకా పెద్దది. అది మెసేజి పంపిన టైము, పని జరిగిన టైము కాదు. 10:41కి ‘తీసేసినా’ అన్న మనిషి కమాండ్ కొట్టింది 10:39 కావచ్చు, 10:41 కావచ్చు. అసలు టైము కమాండ్ హిస్టరీలోనో, డేటాబేస్ లాగ్‌లోనో చూడాలి.

చాట్‌లోని ఖాళీలను కూడా చదవాలి. 10:15 తర్వాత 10:38 దాకా ఒక్క మెసేజి లేదు. ‘ఫోన్ ఎత్తు’ అన్నాక ఇరవై మూడు నిమిషాలు నోటిమాట మీదే పని నడిచింది. ఇన్సిడెంట్‌లో కీలకమైన నిర్ణయాలన్నీ ఆ ఇరవై మూడు నిమిషాల్లోనే ఉన్నాయి. చాట్ ఒక్కటే చూసి రాస్తే రిపోర్టులో నడిమధ్య గుంత మిగులుతుంది. అందుకే అదే రోజు సాయంత్రం క, చ ఇద్దరితో పది నిమిషాలు మాట్లాడి ఆ భాగాన్ని రాసుకోండి. మర్నాటికి వాళ్ల జ్ఞాపకంలో వరుస తారుమారవుతుంది.

ప్రతి వాక్యాన్నీ మూడు రాశుల్లో ఒకదాంట్లో పెట్టండి

చాట్‌లో ప్రతి ముక్కా మూడింటిలో ఒకటి: కంట చూసింది, చేత్తో చేసింది, మనసులో అనుకున్నది. ‘100 పర్సెంట్’ చూసింది. ‘రీస్టార్ట్ కొట్టినా’ చేసింది. ‘నిండిందేమో’ అనుకున్నది. ఈ పనిలో తెలుగు మనకు బాగా సాయం చేస్తుంది, ఎందుకంటే మన వాక్యం చివర్లోనే ఆ గుర్తు ఉంటుంది. అంట, ఏమో, అనుకుంటా, ఉన్నట్టుంది అని ముగిసే వాక్యం ఏదైనా లాగ్‌తో సరిచూసేదాకా టైమ్‌లైన్‌లోకి రాకూడదు. ఇందాక, ఇప్పుడే, కొంచేపటికి ముందు అనేవి కూడా అంతే.

‘ఇందాకట్నుంచి అంట’ అన్న రెండు ముక్కల్లో రెండు అనుమానాలున్నాయి. ఎప్పటినుంచి అన్నది తెలియదు, చెప్పింది మండీవాళ్లు. దీన్ని లాగ్‌లో వెతికితే దొరికిన వరుస ఇది:

```
04:22:14 UTC PANIC:  could not write to file
"pg_wal/xlogtemp.2817": No space left on device
```

సర్వర్ లాగ్ యూటీసీలో ఉంది. మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం 9:52:14. గంటలు కలిపి ముప్పై నిమిషాలు మర్చిపోవడం టైమ్‌లైన్లలో తరచూ కనిపించే పొరపాటు. అప్పుడు కారణం కంటే ఫలితం ముందు జరిగినట్టు తేలుతుంది. వరుస వింతగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. రిపోర్టు మొత్తం ఒకే టైములో రాసి, ‘టైములన్నీ భారత కాలమానం’ అని తలపైన ఒక్కసారి చెప్పండి.

అనుకున్న మాటలు చెత్త కాదు. ‘డిస్క్ నిండిందేమో’ అన్న ఊహ 10:12కి వచ్చింది, సర్వీసు 9:52కే ఆగింది. ఆ ఊహ రావడానికి ఇరవై నిమిషాలు ఎందుకు పట్టిందన్నది అడగాల్సిన ప్రశ్న. ట తెలివిని కొలవడానికి కాదు. డిస్క్ నిండిందన్న కబురు స్క్రీన్ మీద ఎవరికీ కనిపించలేదన్నమాట.

ఆగింది ఎప్పుడు, లేచింది ఎప్పుడు

చాట్ ప్రకారం 10:03కి పోయి 10:45కి వచ్చింది, 42 నిమిషాలు. ఇప్పుడు చీటీల టేబుల్ చూడండి. ఆగకముందు చివరి చీటీ 9:51:58కి పడింది. మళ్లీ మొదటి చీటీ 10:36:05కి పడింది. అంటే 44 నిమిషాలు. తేడా రెండు నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ రెండు కొసలూ తప్పే. చాట్ లెక్కలో మొదటి పదకొండు నిమిషాలు మాయమయ్యాయి, చివర తొమ్మిది నిమిషాలు ఎక్కువొచ్చాయి. ఆ పదకొండు నిమిషాలు సర్వర్ పడి ఉంది, టీము మొత్తానికి ఇంకా తెలియదు, మండీలో కాటా దగ్గర బస్తాలు ఆగిపోయాయి. ఫాలో-అప్ పనుల్లో ఒకటి పుట్టాల్సింది ఇక్కడినుంచే.

కాబట్టి మొదలు, ముగింపు రెండూ వాడేవాళ్ల వైపునుంచి కొలవండి. డేటాబేస్ ‘ready to accept connections’ అన్నది 10:33:40కి. కానీ మండీవానికి చీటీ వచ్చింది 10:36కి. రిపోర్టులో ముగింపుగా రాయాల్సింది రెండోది.

నింద ఎక్కడెక్కడ దాక్కుంటుంది

‘సోమారం సర్వర్ తీసేసినోనికి స్లాట్ తీయాలని తెలీదా’ అన్నదాంట్లో నింద పైకే కనిపిస్తుంది. కష్టమైనవి వేరే ఉన్నాయి.

మొదటిది ‘చూసుకోవాల గదప్పా’. చేసి ఉంటే, చూసి ఉంటే, ఆగి ఉంటే అనేవన్నీ జరగని పని గురించిన మాటలు. రిపోర్టు జరిగినదాన్ని చెప్పాలి. అలాంటి వాక్యం చాట్‌లో కనిపించినప్పుడల్లా దాన్ని ప్రశ్నగా తిప్పండి: చూసుకోవడానికి ఆ రోజు ఏ స్క్రీన్ ఉంది, ఏ లిస్టులో ఆ మెట్టు ఉంది? ఇక్కడ జవాబు ఏదీ లేదనే.

రెండోది క్రియల్లో ఉంటుంది. ‘తొలగించారు’ అంటే పని చెప్పినట్టు. ‘తీసిపారేశాడు’ అంటే తీర్పు చెప్పినట్టు. ‘కూడా’, ‘కనీసం’, ‘ఊరికే’ అన్న చిన్న మాటలూ ఇదే పని చేస్తాయి. ‘కనీసం అలర్ట్ కూడా చూడలేదు’ అన్న వాక్యంలోంచి రెండు మాటలు తీసేసి చదవండి, మిగిలినదే వాస్తవం.

మూడోది దీనికి తలకిందులు. నింద వద్దన్నారని ‘సర్వర్ తొలగించబడింది, కమాండ్ నడపబడింది’ అని రాసేస్తారు. తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు, అది ఒక సంగతి. అసలు నష్టం ఏమిటంటే ఆ పని మనిషి చేశాడా, స్క్రిప్ట్ చేసిందా, ఎవరి అనుమతితో చేశారు అన్నది పోతుంది. మనిషి పేరు బదులు ఆ సమయానికి అతని పాత్ర రాయండి: డ్యూటీ ఇంజినీరు, డేటాబేస్ చూసే ఇంజినీరు, రెప్లికా తీసే పని చేసిన ఇంజినీరు. ఐదుగురి టీములో పాత్ర చెప్పినా అది ఎవరో అందరికీ తెలుసు, నిజమే. దాచడం ఉద్దేశం కాదు. ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా అదే చేసేవారా అన్న ఆలోచన చదివేవాళ్లకు రావాలి, అంతే.

నాలుగోది ‘నాదే తప్పు’. మర్యాదగా కనిపిస్తుంది గానీ విచారణను అక్కడే ఆపేస్తుంది. రిపోర్టులోకి క్షమాపణలు తీసుకోకండి. ప తో విడిగా కూర్చుని రెండే అడగండి: సోమవారం ఏ లిస్టు చూసి పని చేశావు, ఏది చూసి పని అయిపోయిందనుకున్నావు? వచ్చిన జవాబుతో కథ మొత్తం మారింది. లిస్టులో నాలుగు మెట్లున్నాయి: రిపోర్ట్ సర్వర్ ఆపడం, దాని పేరు డీఎన్ఎస్‌లో తీయడం, మానిటరింగ్‌లోంచి తీయడం, బిల్లింగ్ ఆపడం. నాలుగూ చేశారు. స్లాట్ ఉండేది రిపోర్ట్ సర్వర్‌లో కాదు, ప్రధాన డేటాబేస్‌లో. దాని ఊసు లిస్టులోనే లేదు. ‘మర్చిపోయినా’ అన్న మాటే నిజం కాదు. లేని మెట్టును ఎవరూ మర్చిపోలేరు.

కారణాన్ని ఒకే గీతగా గీయకండి

స్లాట్ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో రిపోర్టులో ఉండాలి, చదివేవాళ్లందరూ డేటాబేస్‌వాళ్లు కారు. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా `pg_wal` లో 16 ఎంబీ ఫైళ్లుగా రాసుకుంటుంది. రెప్లికా ఇంకా అందుకోని ఫైళ్లను తీసేయకుండా పట్టి ఉంచే గుర్తే స్లాట్. రెప్లికా ఇక రాదని స్లాట్‌కు తెలియదు, కాబట్టి ఫైళ్లు డిస్క్ నిండేదాకా పేరుకుంటూనే ఉంటాయి. 13వ వెర్షన్ నుంచి దీనికి హద్దు పెట్టే `max_slot_wal_keep_size` ఉంది, కానీ దాని డిఫాల్ట్ విలువ -1, అంటే హద్దు లేదు.

సోమవారం సాయంత్రం 4:10కి రెప్లికా ఆగితే గురువారం 9:52కి 40 జీబీ నిండింది. ఈ మధ్య దాదాపు 66 గంటలున్నాయి. అందువల్ల ‘ఎందుకు’ అన్న ప్రశ్న ఒకటి కాదు, మూడు. ఫైళ్లు ఎందుకు పేరుకున్నాయి? లిస్టులో మెట్టు లేదు, హద్దు లేదు. మూడు రోజులు ఎవరికీ ఎందుకు తెలియలేదు? బుధవారం సాయంత్రం 5:26కి డిస్క్ 90 శాతం దాటిందన్న మెయిల్ వచ్చింది, వచ్చింది ఎవరూ రోజూ తెరవని పాత మెయిల్‌బాక్స్‌కు. ఇంకో సంగతి, రెప్లికా వెనకబడితే మోగే అలర్ట్ కూడా ఉండేది. మానిటరింగ్‌లోంచి రెప్లికాను తీయడంతో అదీ పోయింది. లిస్టును సరిగ్గా పాటించడమే ఆ అలర్ట్‌ను ఆర్పేసింది. మూడో ప్రశ్న, ఆగాక పదకొండు నిమిషాలు టీము మొత్తానికి ఎందుకు తెలియలేదు? చీటీలు పడుతున్నాయా లేదా అని చూసే చెక్ ఏదీ లేదు, మండీ ఫోనే అలర్ట్.

`pg_wal` ఫైళ్లు తీసేద్దామన్న ఆలోచనను రిపోర్టులో రాయాలా వద్దా అని చాలామంది తటపటాయిస్తారు. రాయాలి. ఆ ఫైళ్లను చేత్తో తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు, పడ్డ చీటీలు పోవచ్చు. క కు వచ్చిన ఆలోచన రాత్రి రెండింటికి ఇంకెవరికైనా వస్తుంది, అప్పుడు ఆపడానికి చ ఫోన్లో ఉండడు.

తయారైన రిపోర్టు

*సారాంశం.* గురువారం ఉదయం 9:52 నుంచి 10:36 దాకా, 44 నిమిషాలు, తూకం చీటీలు నమోదు కాలేదు. ప్రధాన డేటాబేస్ డిస్క్ నిండిపోయింది. సోమవారం తీసేసిన రిపోర్ట్ రెప్లికా తాలూకు స్లాట్ మిగిలి ఉండటంతో పాత `pg_wal` ఫైళ్లు పేరుకున్నాయి. ఆ సమయంలో మండీలు కాగితం మీద రాసిన 118 చీటీలను మధ్యాహ్నం ఎక్కించారు. నమోదైన చీటీ ఏదీ పోలేదు.

*టైమ్‌లైన్* (భారత కాలమానం)

సోమ 16:10 – నాలుగు మెట్ల లిస్టు ప్రకారం రిపోర్ట్ రెప్లికాను తీసేశారు. స్లాట్ ప్రధాన డేటాబేస్‌లో మిగిలింది.
బుధ 17:26 – డిస్క్ 90% అలర్ట్ పాత మెయిల్‌బాక్స్‌కు వెళ్లింది.
గురు 9:52:14 – డిస్క్ నిండి డేటాబేస్ ఆగింది (డేటాబేస్ లాగ్).
9:58 – మండీ నుంచి మొదటి ఫోన్ (కాల్ లిస్టు).
10:03 – డ్యూటీ ఇంజినీరు గ్రూపులో చెప్పారు.
10:07 – రీస్టార్ట్ చేశారు. డిస్క్ నిండి ఉన్నందున లేవలేదు.
10:14 – డిస్క్ 100%, `pg_wal` 40 జీబీ అని గుర్తించారు.
10:15 – ఫైళ్లు తొలగించకూడదని నిర్ణయించారు. ఇక్కడినుంచి ఫోన్లో (ఇద్దరి మాట).
10:29 – డిస్క్‌ను 100 నుంచి 120 జీబీకి పెంచారు.
10:33:40 – డేటాబేస్ సిద్ధం.
10:36:05 – మొదటి చీటీ పడింది. సర్వీసు తిరిగి మొదలు.
10:38 – పనిచేయని స్లాట్‌ను కనుగొన్నారు.
10:41 – స్లాట్ తొలగించి చెక్‌పాయింట్ నడిపారు. 10:44కి డిస్క్ 51%.

ఒక్కో వరుసకు ఒకే సంగతి. టైము ఎక్కడినుంచి వచ్చిందో అనుమానం వచ్చే చోట్ల మాత్రమే పక్కన రాశాం. ‘ఇద్దరి మాట’ అన్నది బలహీనమైన ఆధారమని ఒప్పుకున్నట్టే, అది సిగ్గుపడాల్సిన పని కాదు.

ఫాలో-అప్ పనులు

ఇక్కడ పేర్లు రాయాలి. కారణాల దగ్గర పాత్ర, పనుల దగ్గర పేరు. ‘టీము చూసుకుంటుంది’ అని రాసిన పని ఎవరూ చూసుకోరు. ప్రతి పనికీ ఒక మనిషి, ఒక తేదీ, అయిందని ఎలా తెలుస్తుందో ఒక పరీక్ష. ‘ఇకపై జాగ్రత్తగా ఉండాలి’ అన్నదానికి పరీక్ష రాయడానికి ప్రయత్నించండి, రాదు. రాకపోతే అది పని కాదు, కొట్టేయండి.

ఈ కేసుకు నాలుగు చాలు. పదిహేను రాసిన రిపోర్టుల్లో చివరి పది నెల తర్వాత కూడా అలాగే ఉంటాయి.

మొదటిది, రెప్లికా తీసే లిస్టులో ఐదో మెట్టు: ప్రధాన డేటాబేస్‌లో ఈ క్వెరీ నడిపి, తీసేసిన రెప్లికా స్లాట్ కనిపిస్తే `pg_drop_replication_slot` తో తొలగించడం.

```sql
SELECT slot_name, active,
  pg_size_pretty(pg_wal_lsn_diff(
    pg_current_wal_lsn(), restart_lsn)) AS held
FROM pg_replication_slots;
```

పరీక్ష: ఈ మెట్టు తెలియని ఇంజినీరు టెస్ట్ సర్వర్‌లో లిస్టు ఒక్కటే చూసి పని పూర్తిచేయాలి. వారం గడువు.

రెండోది, `max_slot_wal_keep_size` ను 15 జీబీకి పెట్టడం. డేటాబేస్ ఆపనక్కర్లేదు, కాన్ఫిగరేషన్ రీలోడ్ చేస్తే చాలు. దీనికో మూల్యం ఉంది, రిపోర్టులో దాన్నీ చెప్పండి: నిజంగా పనిచేస్తున్న రెప్లికా 15 జీబీకి మించి వెనకబడితే దాని స్లాట్ చెల్లకుండా పోతుంది, రెప్లికాను మొదట్నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. మండీల చీటీలు ఆగడం కంటే అది నయమని టీము ఒప్పుకుందని ఒక వాక్యం రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఈ హద్దు ఎందుకుందో తెలియక తీసేస్తారు. పరీక్ష: టెస్ట్ సర్వర్‌లో చిన్న హద్దు పెట్టి, స్లాట్‌ను వదిలేసి, ఆ హద్దు దాటేంత డేటా రాశాక, చెక్‌పాయింట్ తర్వాత `wal_status` లో `lost` కనిపించాలి.

మూడోది, డిస్క్ అలర్ట్‌ను డ్యూటీ ఫోనుకు మార్చడం. పరీక్ష: 90% దాటే ఉత్తుత్తి అలర్ట్ పంపితే డ్యూటీలో ఉన్న మనిషి ఫోను మోగాలి. రెండు రోజులు. నాలుగోది, మార్కెట్ నడిచే వేళల్లో ఐదు నిమిషాలపాటు ఒక్క చీటీ కూడా పడకపోతే మోగే అలర్ట్. యార్డు సెలవు రోజుల్లో ఇది ఊరికే మోగి విసిగిస్తుంది, కాబట్టి సెలవుల పట్టిక దానికి ముందే ఇవ్వాలి. అనవసరంగా మోగే అలర్ట్‌ను నెల లోపే ఎవరో ఒకరు ఆపేస్తారు.

పంపే ముందు

డ్రాఫ్ట్‌ను అందరికంటే ముందు ప చదవాలి, తర్వాత క. ప కు ఎక్కడైనా ‘ఇది నన్నే అంటున్నారు’ అనిపిస్తే ఆ వాక్యం కింద గీత గీయమనండి, వాదించకుండా ఆ వాక్యం మార్చండి. క మాత్రం వాస్తవాలు చూడాలి: 10:07 రీస్టార్ట్ వరుస తాను చేసినదానితో సరిపోయిందా, ఫోన్లో నడిచిన భాగంలో ఏదైనా మిగిలిందా. ఆ తర్వాత మండీల ఫోన్ నంబర్లు, సర్వర్ చిరునామాలు ఉంటే తీసేయండి. చాట్ ఎక్స్‌పోర్ట్ ఫైలును రిపోర్టుకు జతచేయకండి. వేరే ఫోల్డర్‌లో, టీముకు మాత్రమే తెరుచుకునేలా ఉంచండి. 10:46 నాటి ‘యాడున్నాడు’ అన్న మెసేజి మూడు నెలల తర్వాత మేనేజరు చేతిలో పడితే, పై పేజీలు ఎంత జాగ్రత్తగా రాసినా చదివేది ఆ ఒక్క వరుసనే.